ముప్పై శాంపిల్ వ్యాసాలు చదివాక సొంత వ్యాసం రాయడం ఎలా?

"వచ్చే నెల యూనివర్సిటీ అప్లికేషన్‌తో పాటు 650 పదాల వ్యాసం పంపాలి. ఎలా రాయాలో తెలియక ఇప్పటికి ముప్పై దాకా శాంపిల్ వ్యాసాలు చదివాను. కాపీ కొట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ ఏం రాసినా వాటిలాగే వస్తోంది, ఒక్కోసారి ఆ వాక్యం నాదో వాళ్లదో కూడా తెలియడం లేదు. శాంపిళ్లు చదవడం పూర్తిగా మానేయాలా? చదివితే ఏం తీసుకోవచ్చు, ఏం తీసుకోకూడదు?"

పూర్తిగా మానేయక్కర్లేదు. కానీ ఇప్పటికి ఒక వారం పాటు వాటన్నిటినీ మూసేయండి, కొత్తది ఒక్కటి కూడా తెరవకండి. ఆ వారంలో ఏం చెయ్యాలో కింద చెప్తాను. ముందు మీ భయం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఆ భయం నిజమైనదే.

చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లర్, తనకు పదకొండేళ్లప్పుడు, 1891లో, ఒక కథ రాసి పెర్కిన్స్ అంధుల పాఠశాల డైరెక్టర్‌కి పుట్టినరోజు కానుకగా పంపింది. ఆయనకు బాగా నచ్చి అచ్చు వేయించారు. తర్వాత తేలిందేమిటంటే, ఆ కథ మార్గరెట్ కాన్బీ అనే రచయిత్రి అంతకుముందే రాసిన కథకు చాలా దగ్గరగా ఉంది. కొన్నేళ్ల క్రితం ఎవరో ఆ కథను హెలెన్ చేతిలో వేళ్లతో అక్షరాలు రాసి వినిపించారు. ఆమెకు కథ గుర్తుండిపోయింది, విన్నట్టు మాత్రం గుర్తులేదు. పిల్లను కూర్చోబెట్టి విచారణ కూడా చేశారు. ఆ తర్వాత చాలాకాలం, ఉత్తరం రాస్తున్నా సరే, ఈ మాట నాదేనా అని బెంగపడేదాన్నని ఆమే తర్వాత రాసుకుంది. మనసు సరుకును దాచుకుని, అది ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం పారేస్తుంది. అందుకే "కాపీ కొట్టే ఉద్దేశం లేదు" అన్నది మంచి మాటే గానీ, దానివల్ల రక్షణ ఏమీ ఉండదు. ఏది ముందు చేస్తున్నాం, ఏది తర్వాత చేస్తున్నాం అన్నదే కాపాడుతుంది.

ఇక తెలిసి ఎత్తుకోవడం సంగతి. బ్రిటన్‌లో యూనివర్సిటీ డిగ్రీ దరఖాస్తులు దాదాపు అన్నీ యూకాస్ అనే ఒకే సంస్థ ద్వారా వెళ్తాయి. వాళ్లు 50,000 మంది వ్యాసాలను పోల్చి చూసి 2007లో ఫలితం బయటపెట్టారు. అందులో 234 మంది ఒకే సంఘటన చెప్పారు: ఎనిమిదో పుట్టినరోజున కెమిస్ట్రీ సెట్‌తో ప్రయోగం చేస్తూ పైజమాకు చిల్లులు పడేలా కాల్చుకున్నాం అని. అది ఇంటర్నెట్‌లో పెట్టిన ఒక శాంపిల్‌లోని ముచ్చట. మొదట రాసిన మనిషికి అది నిజంగా జరిగే ఉండొచ్చు, మంచి ముచ్చటే. మిగతావాళ్లు దాన్ని ఎందుకు తీసుకున్నారో కూడా ఊహించగలను, చదవగానే "అబ్బ, ఇలాంటిది నాకూ ఒకటి ఉంటే బావుండు" అనిపించి ఉంటుంది. ఆ అనిపించడం దగ్గరే ఆగి చూసుకోవాలి. ఆ ముచ్చటలో బాగున్నది పైజమా కాదు. బయటివాళ్లెవరూ ఊహించలేని ఒక చిన్న వస్తువు కథలో ఉండటం బాగుంది. దాన్నుంచి నేర్చుకోవాల్సింది అదొక్కటే, మిగతాదంతా ఆ మనిషి సొత్తు.

సరే, ఈ వారం పని. ఒక కాగితం తీసుకుని, గత మూడు నాలుగేళ్లలో మీరు చేసినవి, చూసినవి, పొరపాటు పడినవి ఇరవై రాయండి. ఒక్కోదానికి ఒక్క లైను చాలు. "నాకు పట్టుదల ఎక్కువ", "నాయకత్వ లక్షణాలు ఉన్నాయి" లాంటివి ఒద్దు, అవి గుణాలు, వాటి దగ్గర మొదలుపెడితే వాటికి సరిపోయే కథ కోసం మనసు మళ్లీ శాంపిళ్లలోకే పరిగెడుతుంది. ఏదో ఒక రోజు, ఏదో ఒక వస్తువు, ఎవరో అన్న మాట, అలాంటివి రాయండి. మొదటి ఏడెనిమిది ఎవరైనా రాసేలా ఉంటాయి, ఫరవాలేదు. పన్నెండు దాటాక చెయ్యి ఆగిపోతుంది, అక్కడ లేచి వెళ్లిపోకండి, నా అనుభవంలో పనికొచ్చేవి ఎక్కువగా ఆ తర్వాతే వస్తాయి. రాసిన ప్రతిదాని పక్కనా తేదీ వేయండి. తర్వాత ఎప్పుడైనా "ఇది నాకు శాంపిల్ చదివాకే తట్టిందా?" అన్న అనుమానం వస్తే ఆ కాగితం సాక్ష్యం. మీరు ఇప్పటికే ముప్పై చదివేశారు కాబట్టి, జాబితాలో ఏదైనా చదివినదానికి దగ్గరగా అనిపిస్తే దాని ముందు చిన్న గుర్తు పెట్టుకోండి. కొట్టేయకండి. నిజంగా మీకు జరిగినది మీదే, కాకపోతే దాన్ని రాసేటప్పుడు ఇంకొంచెం జాగ్రత్త కావాలి.

వారం తర్వాత శాంపిళ్లు తెరవొచ్చు. ముప్పై కాదు, నాలుగు. నాలుగూ ఒకదానికొకటి పొంతన లేనివి ఏరుకోండి. నవ్వించేది ఒకటి, ఏ పెద్ద సంఘటనా లేనిది ఒకటి, ఒక పని గురించి మాత్రమే చెప్పేది ఒకటి, మీకు అస్సలు నచ్చనిది ఒకటి. ఒకే రకానివి పది చదివితే అదే రాయడానికి ఏకైక దారి అనిపిస్తుంది, మీకిప్పుడు జరిగింది అదే అనుకుంటున్నాను. ఎంపిక చేసినవాళ్ల వ్యాఖ్య కూడా పక్కన ఉన్నవి దొరికితే మరీ మంచిది. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ అలా ప్రచురిస్తుంది, వ్యాసం కింద అడ్మిషన్స్ వాళ్లు తమకు ఏం నచ్చిందో రాస్తారు. వ్యాసం కంటే ముందు ఆ వ్యాఖ్య చదవకండి, మీరేం గమనించారో రాసుకున్నాకే చూడండి. ఇంకో సంగతి, అచ్చయిన వ్యాసం రాసిన మనిషికి సీటు వచ్చింది అన్నంత వరకే మనకు తెలుసు. మార్కులు, సిఫారసు లేఖలు, ఇంకా ఎన్నో కలిసి వచ్చిన సీటు అది. ఆ ఎత్తుగడ వల్లే వచ్చిందని అనుకుని ఎత్తుగడను పట్టుకుంటే మోసపోతాం.

ఎలా చదవాలి అన్నదాంట్లోనే చాలామంది పొరపాటు పడతారు. మామూలుగా ఇచ్చే సలహా ఏమిటంటే, శాంపిల్‌లో ఒక్కో పేరా ఏం చేస్తోందో పక్కన రాసుకో అని. మొదటి పేరా సన్నివేశం, రెండోది గతం, మూడోది కష్టం, నాలుగోది పాఠం. ఇలా రాసుకున్న కాగితం మీ చేతిలో ఉంటే అదొక అచ్చు. మీ కథను అందులో పోయడం తప్ప ఇంకేం చేస్తారు? నేను చెప్పేది వేరు. శాంపిల్ ఒకసారి చదివి మూసేయండి. ఖాళీ కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు, ఈ మనిషి గురించి నాకిప్పుడు ఏం తెలిసింది అన్నది రాయండి. కుడివైపు, అది నేను ఎందుకు నమ్మాను అన్నది మీ మాటల్లో రాయండి. వాళ్ల వాక్యం ఎక్కించుకోవద్దు. పేరాల వరస కూడా రాయొద్దు. రచయిత కట్టిన ఇల్లు ఎలా ఉందో కాకుండా, లోపలికి వెళ్లి వచ్చిన చదువరిలో ఏం మారిందో రాస్తున్నారన్నమాట.

నేను కొన్నాళ్లుగా పిల్లల వ్యాసాలు చూస్తున్నాను, వాటిలో ఒకటి ఇక్కడ విప్పి చూపిస్తాను, గుర్తుపట్టే వివరాలు తీసేసి. ఆ అమ్మాయి చదివిన శాంపిల్ ఒక పాత చేతి గడియారం గురించి. "టిక్. నిశ్శబ్దం." అని మొదలవుతుంది. తర్వాత తాతగారి జబ్బు, ఆయన ఆగిపోయిన గడియారాన్ని మనవడు విప్పడం, మూడుసార్లు చెడగొట్టడం, గడియారం చక్రాలకీ మనుషులు ఒకరిమీద ఒకరు ఆధారపడటానికీ పోలిక, చివర మళ్లీ "టిక్". బాగుంటుంది. ఈ అమ్మాయి నాకు పంపిన మొదటి డ్రాఫ్ట్ వాలీబాల్ గురించి. "విజిల్. నిశ్శబ్దం." అని మొదలైంది. తర్వాత బెంచీ మీద కూర్చున్న బాధ, స్కోరు పుస్తకం చేతికి రావడం, మూడుసార్లు తప్పు రాయడం, జట్టులో అందరూ చక్రాల్లాంటివాళ్లే అనే ఒక పోలిక, చివర మళ్లీ విజిల్.

చదువుతూనే నాకు ఏదో తేడా కొట్టింది, ఎందుకంటే మూడుసార్లు తప్పు రాశాను అన్నచోట ఏం తప్పో లేదు. అడిగాను. కాసేపు ఆలోచించి, "నిజానికి మూడని లెక్కేమీ లేదు, అలా వచ్చేసింది" అంది. ఒక్క మాట కూడా యథాతథంగా తీసుకోలేదు, సంఘటనా వేరే, అయినా ఎముకలన్నీ గడియారానివే. విజిల్ తర్వాత నిశ్శబ్దం ఉంటుందా? వాలీబాల్ కోర్టులో విజిల్ మోగాక అరుపులు మొదలవుతాయి. ఆ ఒక్క అబద్ధం చాలు, రాసింది ఆమె చెవి కాదని చెప్పడానికి.

అప్పుడు ఆమెను గీత గీసిన కాగితం మీద గడియారం వ్యాసం గురించి రాయమన్నాను. మొదటిసారి ఎడమవైపు "పట్టుదల గలవాడు" అని రాసింది. ఎందుకు నమ్మావు అంటే కుడివైపు రాయడానికి ఏమీ దొరకలేదు, అంటే నమ్మలేదన్నమాట, వ్యాసం అలా చెప్పింది కాబట్టి ఒప్పుకుంది. మళ్లీ ఆలోచించి ఇలా రాసింది: "తెలియని పని చేసేటప్పుడు కంగారుపడడు. నమ్మడానికి కారణం, విప్పిన మరలను విప్పిన వరసలోనే టేపు మీద అంటించి పెట్టుకున్నాడని ఉంది. ఆ పని చేసినవాడికే ఆ సంగతి తెలుస్తుంది." తీసుకోవాల్సింది ఈ ఒక్క ముక్కే. టేపు కాదు, మరలు కాదు, తాతగారు కాదు, టిక్ కాదు. పని చేసినవాళ్లకే తెలిసే ఒక సంగతి చెప్తే చదివేవాళ్లు నమ్ముతారు, అంతే. దీన్ని ఎవరి దగ్గర నేర్చుకున్నా అప్పు కాదు.

ఇప్పుడు ఆమె ఇరవై లైన్ల జాబితా తీశాం. పద్నాలుగో లైనులో, "టైమౌట్ తర్వాత సర్వీసులు పోతున్నాయని నేను చెప్పింది తప్పు" అని ఉంది. ఇదేమిటని అడిగితే అరగంట చెప్పింది. తను రిజర్వు ఆటగత్తె కాబట్టి బెంచీ మీద స్కోరు పుస్తకం రాసేది. ఖాళీగా ఉండలేక, ఎవరి సర్వీసు ఎప్పుడు పోయిందో కూడా మార్జిన్‌లో గుర్తు పెట్టుకునేది. 11 మ్యాచ్‌లు అయ్యాక చూస్తే, తమ జట్టు సర్వీసు చేస్తుండగా ఎదుటివాళ్లు 14 సార్లు టైమౌట్ తీసుకున్నారు, ఆ వెంటనే చేసిన సర్వీసుల్లో 6 పోయాయి. టైమౌట్ వల్ల మనవాళ్ల లయ చెడుతోందని కోచ్‌కి చెప్పేసింది. కోచ్ టైమౌట్ తర్వాత చేసే పనులు మార్చి చూశారు, ఏమీ మారలేదు. తర్వాత పుస్తకం మళ్లీ తిరగేస్తే అసలు సంగతి బయటపడింది: ఆ 14లో 12 సార్లు సర్వీసు చేస్తున్నది ఒకే అమ్మాయి. ఆమె ఎగిరి సర్వీసు చేస్తుంది, పడితే వరసగా పాయింట్లు వస్తాయి, అందుకే ఆమె వంతు వచ్చినప్పుడే ఎదుటివాళ్లు టైమౌట్ అడుగుతారు. అలాంటి సర్వీసు మామూలుగానే ఎక్కువసార్లు పోతుంది, టైమౌట్ ఉన్నా లేకపోయినా. టైమౌట్‌కీ తప్పుకీ సంబంధం లేదు, రెండింటికీ ఆ అమ్మాయి సర్వీసే కారణం.

డేటా చదువుకోవాలనుకునే పిల్లకు ఇంతకంటే ఏం కావాలి? అయినా మొదటి డ్రాఫ్ట్‌లో ఇందులో ఒక్క ముక్క లేదు. ఎందుకు లేదంటే గడియారం ఆకారంలో దీనికి చోటు లేదు. అక్కడ కష్టం వస్తుంది, గెలుపు వస్తుంది. ఇక్కడ మొదట గెలిచాననుకుంది, తర్వాత తప్పని తేలింది, ఆ తప్పు వెళ్లి కోచ్‌కి చెప్పాల్సి వచ్చింది. అరువు తెచ్చుకున్న అచ్చు వల్ల జరిగే అసలు నష్టం ఇదే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. పట్టుబడతామన్నది తర్వాతి సంగతి, మనదైన మంచి సరుకు ఆ అచ్చులో పట్టక బయటే ఉండిపోతుంది, పోయిందని మనకు తెలియను కూడా తెలియదు.

కొత్త డ్రాఫ్ట్‌కి ఆకారం ఎక్కడినుంచి వచ్చిందంటే, నాకు చెప్పిన వరసలోనుంచే. నేను అడిగిన ప్రశ్నలు రాసి పెట్టుకున్నాం: ఏం గుర్తు పెట్టేదానివి, ఏం కనపడింది, ఎవరికి చెప్పావు, తప్పని ఎలా తెలిసింది, మళ్లీ వెళ్లి చెప్పావా. వినేవాడికి సహజంగా వచ్చే ప్రశ్నల వరసే వ్యాసం వరస అయింది. మార్జిన్‌లోని గుర్తులతో మొదలై, పుస్తకం రెండోసారి తిరగేసిన సాయంత్రానికి సగం పదాలు వెళ్లాయి. విజిల్ ఎక్కడా లేదు. మీరూ ఇలాగే, వ్యాసం సంగతి తెలియని ఒక ఫ్రెండ్‌కి ఫోన్‌లో మీ విషయం చెప్పి, వాళ్లు మధ్యలో ఏం అడిగారో రాసుకోండి. చెప్పేటప్పుడు రికార్డు చేసుకుంటే ఇంకో లాభం ఉంది, మీ నోట వచ్చిన మాటలు దొరుకుతాయి. ఎవరూ ఫోన్‌లో "ఆ క్షణాన నా జీవితం మలుపు తిరిగింది" అని చెప్పరు.

డ్రాఫ్ట్ పూర్తయ్యాక పరీక్షలు. ఆకారం కోసం, మీ వ్యాసంలో ఒక్కో పేరా పని ఒక్కో లైనులో రాయండి, సంఘటన పేరు లేకుండా. శాంపిల్‌కీ ఇప్పుడు, ఇప్పుడు మాత్రమే, అలాగే రాసి పక్కపక్కన పెట్టండి. రెండూ జరిగిన వరసలో నడిస్తే కంగారుపడకండి, కాలక్రమం ఎవరి సొత్తూ కాదు. ప్రశ్నపత్రమే ఒక వరస అడిగితే అదీ ఎవరి సొత్తూ కాదు. మలుపు ఒకే చోట, పోలిక ఒకే చోట, ముగింపు మొదటి వాక్యాన్నే తిరిగి అందుకోవడం, ఇలా మూడు చోట్ల కలిస్తే మాత్రం అది అరువే. అప్పుడు పేరాలు అటూ ఇటూ జరపడం వల్ల లాభం లేదు, ఫోన్ రికార్డు దగ్గరికి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాలి. మాటల పరీక్ష తేలిక. వ్యాసంలో మీకు మరీ బాగా నచ్చిన వాక్యాలు నాలుగు తీసుకోండి, ఎక్కువగా దొరికేవి అవే. ఒక్కోదాన్నుంచి ఆరేడు పదాలు వరసగా తీసుకుని, కొటేషన్ గుర్తుల్లో పెట్టి వెతకండి. దొరకకపోయినా, "ఈ వాక్యం ఏ రోజు గురించి?" అని అడిగితే జవాబు రాకపోతే దాన్ని తీసేయండి. ఆమె "మూడుసార్లు" లాంటివి ఇలాగే బయటపడతాయి.

సంఘటన విషయంలో ఒక చిక్కు ఉంది. మీకు నిజంగా తాతగారి గడియారమే ఉంటే? శాంపిల్ చదివినంత మాత్రాన అది మీది కాకుండా పోదు. తేదీ వేసిన జాబితాలో అది ఉంటే రాయండి. కాకపోతే శాంపిల్ వెలుగు పడిన భాగం వదిలేసి, అందులో లేని భాగం నుంచి రాయండి. వాళ్లది బాగుచేయడం గురించైతే, మీది బాగుకాని గడియారాన్ని ఏం చేశారన్నది కావచ్చు. జరగనిదాన్ని జరిగినట్టు మాత్రం ఒక్క వివరం కూడా కలపొద్దు, ఇంటర్వ్యూలో "ఆ మరలు ఎన్ని?" అని ఒక్క ప్రశ్న వస్తే చాలు.

ఈ పరీక్షలన్నీ ఒక్క సాయంత్రం పని. రెండో డ్రాఫ్ట్ పూర్తయి రెండు రోజులు పక్కన పెట్టాకే చేయండి, రాసిన వేడిలో అన్నీ మనవిగానే కనిపిస్తాయి. శాంపిళ్లు తెరవడం అదే ఆఖరుసారి. సరిచూసుకున్నాక వాటిని మళ్లీ మూసేసి, మార్చాల్సిన వాక్యాలను అవి కళ్ల ముందు లేకుండా మార్చండి. నెల గడువుంది కాబట్టి వారం జాబితాకి, నాలుగు రోజులు చదవడానికి, మిగతాది రాయడానికి సరిపోతుంది. మీ జాబితాలో పన్నెండు దాటాక ఏం వచ్చిందో వీలైతే రాసి పంపండి, చూస్తాను.